అరువు ఖాతా పుస్తకం, బాకీల వసూలు: కిరాణా అంగడి వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది కర్నూలు జిల్లా పత్తికొండ, ఆస్పరి, దేవనకొండ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న కిరాణా అంగడి నడిపేవాళ్ల కోసం రాసింది. అనంతపురం, కడప పల్లెల్లోనూ పరిస్థితి దాదాపు ఇదే. పెద్ద దుకాణాల లెక్కలు, కంప్యూటర్ బిల్లులు ఇందులో లేవు. చేతిరాత పుస్తకం, తెలిసిన ముఖాలు, నెలనెలా పెరిగే బాకీలు, ఇవే ఇక్కడి విషయం.

అరువు అసలు ఇవ్వనని బోర్డు పెట్టేస్తే పోదా?

పట్నంలో బస్టాండు పక్క అంగడికి అది కుదరవచ్చు. పల్లెలో కుదరదు. మా వైపు ఇళ్లలోకి డబ్బు రోజూ రాదు. బేల్దారి పనికి వెళ్లేవాళ్లకు వారానికోసారి కూలి చేతికి వస్తుంది. పాలు పోసే ఇంటికి పది పదిహేను రోజులకోసారి బిల్లు వస్తుంది. పింఛను ఒకటో తేదీన ఇస్తారు. వేరుశనగ వేసిన రైతు జూన్, జూలైలో విత్తితే పంట అమ్మిన డబ్బు కళ్లచూసేది దీపావళి దాటాకే. పొయ్యి మాత్రం రోజూ వెలగాలి. ఆ మధ్య రోజులను మోసే అంగడికే జనం వస్తారు. మోయని అంగడి ముందు నుంచి పక్క వీధికి వెళ్తారు.

అయితే మోసే బరువు ఎంతో తెలిసి ఉండాలి. కిరాణాలో వంద రూపాయల సరుకు అమ్మితే పది రూపాయలు మిగులుతుందనుకుందాం. వెయ్యి రూపాయల బాకీ మునిగిపోతే అందులో 900 మనం సరుకుకు పెట్టిన సొంత డబ్బు. ఆ 900 మళ్లీ సంపాదించాలంటే 9,000 రూపాయల సరుకు నగదుకు అమ్మాలి. బియ్యం, నూనె, చక్కెర వంటి వాటిలో పది కూడా మిగలదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే అమ్మాలి. అరువు ఇవ్వడం తప్పు కాదు. లెక్క లేకుండా ఇవ్వడమే అంగడిని ముంచుతుంది.

పుస్తకం ఒకటి చాలదా? ఎన్ని పెట్టుకోవాలి?

మూడు ఉండాలి. వినడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ రోజుకు పావుగంటకు మించి పని పెట్టవు.

మొదటిది చిట్టా. గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. అరువుకు వెళ్లిన ప్రతి సరుకూ, వచ్చిన ప్రతి జమా వరుసగా, వచ్చిన క్రమంలోనే ఇందులో పడాలి. రెండోది ఖాతా పుస్తకం. ఇందులో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ, మొదటి రెండు పేజీల్లో ఎవరి ఖాతా ఎన్నో పేజీలో ఉందో పట్టిక. రాత్రి అంగడి కట్టే ముందు చిట్టాలోవి ఖాతాలోకి ఎక్కించి, ఎక్కించిన ప్రతి వరుస పక్కనా చిట్టాలో టిక్కు పెట్టాలి. టిక్కు లేని వరుస కనిపిస్తే అది ఖాతాలోకి ఎక్కలేదని తెల్లవారి చూసినా అర్థమవుతుంది.

మూడోది కొనేవాళ్ల దగ్గర ఉండే చిన్న పుస్తకం. పది రూపాయల నోటు పుస్తకం మనమే కొని ఇవ్వాలి. సరుకు తీసుకున్నప్పుడల్లా అదే మొత్తం అందులోనూ రాసి ఇవ్వాలి. చాలామంది ఈ మూడోదాన్ని వదిలేస్తారు. నా మటుకు నాకు మూడింటిలో అదే ముఖ్యం. బాకీ గొడవల్లో ఎక్కువ భాగం ఇవ్వలేక వచ్చేవి కావు. “అంత అయిందా?” అనే అనుమానం నుంచి వచ్చేవి. తన ఇంట్లో, తన చేతికి అందేచోట లెక్క ఉన్న మనిషికి ఆ అనుమానం రాదు. బాకీ రెండు వేలు దాటిందని ముందు ఇంటి ఇల్లాలే చూసుకుంటుంది. మనం అడగక ముందే ఆ వారం చేయి బిగపడుతుంది.

ఒక పద్దు ఎలా రాయాలి?

“సరుకులు 340” అని రాయడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. రెండు నెలల తర్వాత ఆ 340 ఏమిటో మనకూ గుర్తుండదు, వాళ్లకూ గుర్తుండదు. రాసే పద్ధతి ఇలా ఉండాలి:

12వ తేదీ, బుధవారం. కందిపప్పు అర కిలో, పామాయిల్ ప్యాకెట్ ఒకటి, బొరుగులు ఒక సేరు, పుట్నాల పప్పు పావు కిలో. ఒక్కోదాని పక్కన దాని ధర, చివర మొత్తం. తీసుకెళ్లింది: చిన్న కొడుకు. ఇప్పటిదాకా బాకీ: 1,265.

ఇందులో రెండు విషయాలు చాలా పుస్తకాల్లో కనిపించవు. ఒకటి, సరుకు తీసుకెళ్లిన మనిషి ఎవరన్నది. ఇంటాయన “నేను తీసుకోలేదు” అన్నప్పుడు “మీ చిన్నబ్బాయి బుధవారం తీసుకెళ్లాడు” అని చెప్పగలగాలి. పిల్లలు ఇంట్లో చెప్పకుండా చిరుతిళ్లు రాయించుకోవడం ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. అందుకే ఖాతా తెరిచిన రోజే ఎవరెవరు తీసుకెళ్లవచ్చో అడిగి పేజీ పైన రాసుకోవాలి. రెండోది, ప్రతి వరుస చివరా ఇప్పటిదాకా ఉన్న బాకీ. నెలాఖరులో ఒకేసారి కూడితే కూడికలో తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడం కష్టం. వరుసవరుసకూ కూడుకుంటూ పోతే తప్పు ఆ వరుసలోనే దొరుకుతుంది. పైగా సరుకు ఇచ్చేటప్పుడే “ఇప్పటికి 1,265 అయింది అక్కా” అని మామూలుగా చెప్పవచ్చు. ఆ ఒక్క మాట అడిగినట్టు ఉండదు, తెలిపినట్టు ఉంటుంది.

పేజీ నిండితే కొత్త పేజీ మొదటి వరుసలో “కిందటి పేజీ బాకీ” అని అంకె రాసి, పాత పేజీ అడుగున కొత్త పేజీ నంబరు వేయాలి. పేరు రాసేటప్పుడు ఇంటి పేరు, తండ్రి పేరు లేదా వీధి కూడా రాయాలి. మా ఊళ్లలో ఒక్క వీధిలోనే నలుగురు రంగన్నలు, ముగ్గురు ఈరన్నలు ఉంటారు.

తప్పు రాస్తే దిద్దవచ్చా?

దిద్దవచ్చు గానీ అంకె మీద అంకె రాయకూడదు, తెల్లరంగు పూయకూడదు, కాగితం చింపకూడదు. తప్పు అంకె చదవగలిగేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కొనే మనిషి చేత పొడి సంతకం చేయించుకోవాలి. మామూలు బాల్ పెన్నే వాడండి. నూనె చేతులు, నీళ్లు తగిలే చోట జెల్ పెన్ను రాత నిలవదు.

ఎవరికి ఎంతవరకు అరువు ఇవ్వాలి?

మనిషి మంచివాడా కాదా అని చూసి హద్దు పెట్టడం వల్లే అంగళ్లు దెబ్బతింటాయి. మంచివాడికీ డబ్బు లేకపోతే ఇవ్వలేడు. చూడాల్సింది ఆ ఇంటికి డబ్బు ఎన్ని రోజులకోసారి వస్తుంది, వచ్చినప్పుడు మన వంతుకు ఎంత మిగులుతుంది అన్నవి రెండే. ఈ రెండూ తెలిస్తే హద్దు దానంతట అదే తేలుతుంది. ఒకసారి డబ్బు వచ్చినప్పుడు ఆ ఇల్లు మనకు ఎంత కట్టగలదో అంతే వాళ్ల హద్దు.

వారం కూలి మీద బతికే ఇంటికి వారం సరుకు మించి అరువు ఉండకూడదు. పాల బిల్లు ఇంటికి బిల్లు నుంచి బిల్లు దాకా. జీతగాళ్లకు నెల. పింఛను మీద ఒంటరిగా ఉండే ముసలమ్మకు పింఛను మొత్తం మన ఖాతాలోకి వచ్చేలా ఎప్పుడూ ఇవ్వకూడదు. ఆమెకు మందులు, కరెంటు బిల్లు ఉంటాయి. ఆమె పింఛనులో నాలుగో వంతు దాటకుండా చూసుకుంటే ఆమెకూ ఇబ్బంది ఉండదు, మనకూ ప్రతి నెలా వస్తుంది.

రైతు సంగతే కష్టం. పంట వచ్చేదాకా నాలుగైదు నెలలు ఇస్తూ పోతే, వాన ముఖం చాటేస్తే, లేదా పత్తికొండ మార్కెట్లో టమోటా ధర కోత కూలికి కూడా సరిపోని స్థాయికి పడిపోతే, బాకీ మొత్తం మరో పంటదాకా ఆగుతుంది. ఇలాంటి ఏళ్లు మన దగ్గర వస్తూనే ఉంటాయి. అందుకే పంట మీదే ఆధారపడిన అరువును రెండు ముక్కలు చేయాలి. ఇంట్లో పాడి గానీ, కూలి గానీ ఉంటే రోజువారీ సరుకు ఆ డబ్బు మీద నడవాలి. పంట డబ్బుకు వదిలేది పండగ సరుకు, విత్తనాల రోజుల్లో కూలీలకు పెట్టే భోజనాల సరుకు వంటివి మాత్రమే. ఆ మొత్తం ఎంతవరకు అన్నది విత్తనానికి ముందే ఇద్దరూ అనుకోవాలి.

హద్దును ఖాతా పేజీ పైన పెన్సిల్‌తో రాసుకోండి. ఇంటి పరిస్థితి మారితే మార్చుకోవచ్చు.

అంగడి మొత్తం మీద అరువు ఎక్కువైపోయిందని ఎలా తెలుస్తుంది?

నెలాఖరున ఒక్క లెక్క చాలు. ఊళ్లో రావాల్సిన మొత్తం బాకీ ఎంత, ఈ నెల అరువుకు ఇచ్చిన సరుకు ఎంత అని చూడండి. బాకీ 90,000, నెల అరువు 60,000 అయితే, మన డబ్బు సగటున నెలన్నర ఊళ్లో తిరిగి వస్తోందన్నమాట. ఆదోని నుంచో కర్నూలు నుంచో సరుకు వేసే హోల్‌సేల్ వాళ్లు మనకు పదిహేను రోజులే గడువు ఇస్తుంటే, మిగతా నెల రోజులూ మన సొంత డబ్బో, తెచ్చిన అప్పో మోస్తోంది. అప్పు అయితే దాని వడ్డీ మన పది రూపాయల లాభంలోంచే పోతుంది.

ఆ నెలన్నర రెండు నెలలైతే, కొత్త ఖాతాలు తెరవడం అక్కడికక్కడే ఆపాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. ముప్పై రోజులుగా ఒక్క రూపాయి జమ పడని ఖాతా నంబరును ఎర్ర ఇంకుతో చుట్టండి. బాకీ చిన్నదా పెద్దదా అని చూడకండి. ఐదు వేలున్నా వారం వారం కడుతున్న ఇంటికంటే, ఎనిమిది వందలుండి నెలగా ముఖం చూపించని ఇంటి బాకీయే ముందు పోతుంది.

బాకీ ఎప్పుడు అడగాలి?

మనకు అవసరం పడిన రోజు కాదు, వాళ్ల చేతికి డబ్బు వచ్చిన రోజు. హోల్‌సేల్ వాళ్లు ఫోన్ చేశారని మంగళవారం పొద్దున్నే ఇళ్ల మీదికి వెళ్తే, డబ్బు రాదు, మాట మాత్రం పోతుంది. ఖాతా పట్టికలోనే ఒక్కో పేరు పక్కన “శని”, “ఒకటో తేదీ”, “పాల బిల్లు” అని రాసుకుంటే, ఆ రోజు ఎవరిని పలకరించాలో తెలుస్తుంది.

మంగళ, శుక్రవారాలు వదిలేయండి. ఆ రోజుల్లో ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. సాయంత్రం దీపం పెట్టాక కూడా అంతే. నమ్మకం మనకు ఉన్నా లేకపోయినా, ఆ వేళ అడిగితే ఎదుటివాళ్లకు మనసులో గుచ్చుకుంటుంది. ఇంట్లో చుట్టాలున్నప్పుడు, పెళ్లిలో, చావింట్లో, అంగడి ముందు నలుగురు నిలబడి ఉన్నప్పుడు బాకీ మాట ఎత్తకూడదు. ఒక్కసారి నలుగురిలో తల దించుకున్న మనిషి బాకీ తీర్చినా మళ్లీ మన గడప తొక్కడు.

ఏ మాటతో అడగాలి?

“బాకీ ఎప్పుడిస్తావు?” అనే ప్రశ్నకు “రేపిస్తా” అనే జవాబు తప్ప వేరే రాదు. ఆ రేపు ఎన్నాళ్లకు వస్తుందో అందరికీ తెలుసు. ప్రశ్న లెక్క గురించి ఉండాలి. “అన్నా, ఒకసారి పుస్తకం చూసుకుందామా, రాయడంలో ఏమైనా తప్పులుంటే చెప్పు” అంటే మనిషి కూర్చుంటాడు. లెక్క ఒప్పుకున్నాక “ఈ శనివారం ఇందులో ఎంత వేస్తావు?” అని అడగాలి. మొత్తం అడగకండి, ఎంత అన్నది అతని నోటి నుంచే రావాలి. రెండు వందలే అంటే రెండు వందలే రాసుకోండి. తను చెప్పిన అంకెను మనిషి నిలబెట్టుకోవాలని చూస్తాడు. మనం చెప్పిన అంకెను తప్పించుకోవాలని చూస్తాడు.

ఇంటి ఆడవాళ్లు సరుకుకు వచ్చినప్పుడు మగవాళ్ల బాకీ గురించి నిలదీయడం, చిన్నపిల్లల చేత “మీ నాన్నను రమ్మను” అని కబురు పంపడం అస్సలు వద్దు. ఆ పిల్లవాడు రేపటి నుంచి పక్క అంగడికే వెళ్తాడు.

పాత ఖాతాదారు బాకీ పెరిగాక మా అంగడికి రావడం మానేసి నగదుకు పక్క అంగడిలో కొంటున్నాడు. ఏం చేయాలి?

అందరూ చివరికి అడిగేది ఇదే. దీన్ని కొంచెం వివరంగా చూద్దాం.

ఒక బేల్దారి కూలీ ఇల్లు తీసుకుందాం. భర్తకు శనివారం కూలి, భార్య పొలం పనులకు వెళ్తుంది. వారానికి 800 రూపాయల సరుకు తీసుకుంటారు. ప్రతి శనివారం 500 కడతారు. కట్టడం మానలేదు కాబట్టి అంగడి యజమానికీ అనుమానం రాలేదు. కానీ వారానికి 300 మిగిలిపోతూనే ఉంది. ఐదు నెలల్లో, అంటే 22 వారాల్లో, అది 6,600 అయింది. ఒక రోజు గట్టిగా అడిగేసరికి, ఆ మనిషి మర్నాటి నుంచి వేరే వీధి అంగడిలో నగదుకు కొనడం మొదలుపెట్టాడు. డబ్బు లేక కాదు. మన గడప దగ్గరికి వస్తే చేతిలో ఉన్న వంద కూడా పాత బాకీకి పోతుందని, ఆ పూట సరుకు దొరకదని.

ఇక్కడ చేయాల్సింది పాత బాకీని, కొత్త సరుకును విడదీయడం. ఆదివారం పొద్దున తీరికగా కూర్చుని పుస్తకం చదివి వినిపించాలి. అందులో ఒకచోట “సరుకులు 180” అని మాత్రమే ఉంది. అది తనది కాదంటాడు. మన దగ్గర రుజువు లేదు కాబట్టి కొట్టేయాలి. 6,420 మిగిలింది. ఆ పేజీ అడ్డంగా గీత కొట్టి, “ఈ రోజు వరకు లెక్క చూసుకున్నాం, బాకీ 6,420” అని రాసి, తేదీ వేసి ఇద్దరూ సంతకం చేయాలి. ఇక ఆ పేజీలో సరుకు రాయకూడదు, జమలు మాత్రమే రాయాలి. కొత్త పేజీ సున్నాతో మొదలవుతుంది.

తర్వాత అసలు చిక్కు. వారానికి 500 కట్టగలిగిన మనిషి 800 సరుకూ తీసుకుని, పైగా పాత బాకీ కూడా తీర్చలేడు. “ఇకనుంచి మొత్తం కడతా” అంటే నమ్మి ఊరుకుంటే ఐదు నెలల తర్వాత మళ్లీ ఇక్కడికే వస్తాం. కాబట్టి అరువు హద్దు అతను నిజంగా కడుతున్న 500 దగ్గరే ఆగాలి. మిగతా 300 సరుకు, భార్యకు కూలి వచ్చిన రోజున నగదుకు తీసుకోవాలి. పాత పేజీలు తిరగేస్తే ఆ 300లో కొంత కూల్‌డ్రింకులు, పిల్లల చిరుతిళ్ల ప్యాకెట్లే అని ఇద్దరికీ కనిపిస్తుంది. వాటిని ఇక అరువులో రాయబోమని అప్పుడే చెప్పుకోవచ్చు. అంగడివాడు అమ్మకం తగ్గుతుందని ఇక్కడ వెనకాడుతాడు. రాని డబ్బుకు సరుకు ఇవ్వడం అమ్మకం కాదు.

శనివారం 500తో పాటు పాత బాకీకి 100. అలా అయితే 64 వారాలు పైన పడుతుంది. చాలా ఎక్కువ. అందుకని దసరాకు ఒక వెయ్యి, పని బాగా దొరికే వేసవిలో ఇంకో వెయ్యి అని ముందే అనుకుంటే, మిగిలిన 4,420 సుమారు 44 వారాల్లో తీరుతుంది. ఏడాది లోపే.

ఏడాది ఎదురుచూడటం ఎందుకు అనిపించవచ్చు. ఇంకోవైపు లెక్క చూడండి. ఆ ఇల్లు వారానికి 800 సరుకు మన దగ్గరే కొంటే, పదో వంతు లాభం లెక్కన వారానికి 80, ఏడాదికి 4,160 మిగులుతుంది. గొడవ పెట్టుకుంటే 6,420లో ఎంత వస్తుందో తెలియదు, ఈ 4,160 మాత్రం ఖాయంగా పక్క అంగడికి వెళ్తుంది.

ఒక వారం వంద వేయకపోతే అడగకండి. వానకు పని ఆగి ఉంటుంది. వరుసగా రెండు వారాలైతే “పని దొరకలేదా అన్నా?” అని పలకరించండి. మూడో వారం కూడా లేకపోతే కొత్త పేజీలో అరువు ఆపి, నగదు సరుకు మాత్రం అదే ధరకు, అదే ముఖంతో ఇవ్వండి. నగదుకు వచ్చినప్పుడు ఆ నోటును పాత బాకీలో జమ చేసుకుని సరుకు ఇవ్వకుండా పంపితే, ఇంత పనీ ఆ ఒక్క పూటలో కూలిపోతుంది.

అరువు వాళ్లకు ధర కొంచెం ఎక్కువ వేయవచ్చా? వడ్డీ వేయవచ్చా?

రెండూ వద్దు. ప్యాకెట్ మీద ముద్రించిన ధర దాటి అమ్మడం చట్టానికి విరుద్ధం. విడి సరుకులో ఎక్కువ వేస్తే వారంలో తెలిసిపోతుంది, పల్లెలో ధరలు దాగవు. దానికి బదులు నెలలో హద్దు దాటకుండా కట్టినవాళ్లకు నెలాఖరున ఒక సబ్బో, పావు కిలో చక్కెరో ఊరికే ఇస్తే ఆ మాట వీధంతా తిరుగుతుంది.

ఫోన్‌పేలో డబ్బు పంపామంటారు, పుస్తకంలో కనిపించదు. ఎందుకు?

సాధారణంగా డబ్బు వాళ్ల నంబరు నుంచి రాదు. బెంగళూరులో ఉన్న కొడుకో, మేస్త్రీయో పంపుతాడు. తెరమీద కనిపించే పేరు మన ఖాతాలో ఉండదు. అందుకని వచ్చిన వెంటనే చిట్టాలో మొత్తం, వేళ, పంపినవాళ్ల పేరు, లావాదేవీ నంబరులో చివరి నాలుగు అంకెలు రాసి, ఎవరి ఖాతాకో తెలియకపోతే “తెలియనివి” అని ఒక పేజీలో పెట్టాలి. వాళ్లు వచ్చి అడిగినప్పుడు అక్కడి నుంచి వాళ్ల ఖాతాకు జమ చేయవచ్చు. సౌండ్ బాక్సు పలికింది కదా అని ఊరుకుంటే సాయంత్రానికి గుర్తుండదు.

సుగ్గికి వెళ్లే కుటుంబాల బాకీ ఎలా?

కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. నెలల తరబడి ఇంటికి తాళం ఉంటుంది. వెళ్లే ముందు వారం లెక్క చూసుకుని, పుస్తకంలో సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలి. ఊళ్లో ఉండే ముసలివాళ్లకు సరుకు ఇవ్వమని చెప్పి వెళ్తారు. దానికి వేరే పేజీ తెరిచి, నెలకు ఎంతవరకు అన్నది వాళ్ల ముందే రాయాలి. వెళ్లిన చోట బయానా తీసుకుని ఉంటారు కాబట్టి మొదటి నెలలో డబ్బు అడిగి లాభం లేదు. చాలామంది ఉగాదికి ఊరికి వస్తారు, చేతిలో డబ్బు ఉండేదీ అప్పుడే. వచ్చిన రోజే పైన పడకుండా, పండగ సరుకుకు వచ్చినప్పుడు పుస్తకం తీయండి.

రేషన్ కార్డు, ఏటీఎం కార్డు పెట్టుకుని అరువు ఇవ్వమంటున్నారు. పెట్టుకోవచ్చా?

పెట్టుకోకండి. రేషన్ కార్డు మీద ఆ ఇంటి బియ్యం ఆధారపడి ఉంది. ఏటీఎం కార్డు, పిన్ను మన దగ్గరుంటే ఆ ఖాతాలో ఏ రూపాయి పోయినా మన మీదికే వస్తుంది. కార్డు పెడితే గాని అరువు ఇవ్వలేని మనిషికి అరువు ఇవ్వకూడదు.

ఊరి పెద్దమనుషులు, చుట్టాలు రాయించుకుని కట్టడం లేదు. హద్దు చెప్పడం ఎలా?

హద్దును మన నోటితో చెప్పకుండా పుస్తకం చేత చెప్పించాలి. అందరికీ ఒకే నియమం ఉంటే చిన్నతనం ఉండదు. ఉగాదికి కొత్త ఖాతా పుస్తకం మొదలుపెట్టేటప్పుడు, పాత లెక్క చూసుకుని సంతకం చేసిన ఇళ్లకే కొత్త పుస్తకంలో పేజీ అని నియమం పెట్టండి. మన తమ్ముడి ఇంటికీ అదే. పెద్దమనిషి దగ్గరికి లెక్క తీసుకుని ఇంటికి మనమే వెళ్లాలి, అబ్బాయిని పంపకూడదు. “మామా, కొత్త పుస్తకం మొదలుపెడుతున్నా, మీ పేజీ ముందు మొదలుపెడదామని వచ్చా” అంటే చాలామంది ఆ పూటే ఎంతో కొంత ఇస్తారు. ఇవ్వకపోయినా సంతకం పెడతారు, అది కూడా తక్కువేమీ కాదు.

ఆ సంతకం ఎందుకంత ముఖ్యం? పుస్తకంలో మన చేతిరాత చాలదా?

చాలదు. వ్యాపారంలో క్రమంగా రాసే ఖాతా పుస్తకాన్ని కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. కానీ ఆ రాత ఒక్కదాని మీదే ఎవరూ బాకీ ఉన్నారని తేల్చదు. పాత సాక్ష్య చట్టంలో 34వ సెక్షన్ ఈ మాటే చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 28వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. కొన్నవాళ్ల సంతకం ఉంటే ఆ లోటు తీరుతుంది.

రెండో కారణం గడువు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఫలానా రోజు కట్టాలని గడువు పెట్టుకోని అరువు సరుకుకు, సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ల లోపే దావా వేయాలి. అంటే పుస్తకంలో ఒక్కో పద్దుకూ గడువు వేరువేరుగా నడుస్తుంది. ఆ మూడేళ్లు దాటక ముందే “ఇంత బాకీ ఉన్నాను” అని రాసి సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కొంత కట్టినా అలాగే మొదలవుతుంది గానీ, కట్టినట్టు వాళ్ల రాత గానీ సంతకం గానీ ఉండాలి. ఏడాదికోసారి ఉగాదికి సంతకం తీసుకునే అంగడికి ఈ చిక్కు రాదు.

ఇదంతా చెప్పినా, కిరాణా బాకీకి కోర్టు మెట్లెక్కడం చాలాసార్లు ఖర్చుకు కూడా రాదు. మొత్తం పెద్దదై, మాట తెగిపోతే, లోక్ అదాలత్ ఉంది. దావా వేయకముందే అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని వాయిదాలు రాసుకుంటే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం లోక్ అదాలత్ బలవంతం చేయలేదు.

బాకీ ఉన్న మనిషి చనిపోతే?

కర్మలు అయ్యేదాకా పుస్తకం తీయకూడదు. తర్వాత కొడుకునో భార్యనో కలిసి, పేజీ చూపించి, వాళ్లు ఏమంటారో వినాలి. చట్టం ప్రకారం వారసులు పోయినవారి ఆస్తిలోంచి తమకు వచ్చినంత వరకే బాధ్యులు, సొంత సంపాదనలోంచి కట్టాల్సిన పని లేదు. పల్లెల్లో చాలా ఇళ్లు “నాన్న బాకీ ఉంచకూడదు” అని తామే తీరుస్తాయి. సగం ఇస్తామంటే సగం తీసుకుని పేజీ మూసేయండి.

ఇక రాదని తేలిపోయిన బాకీని ఏం చేయాలి?

పుస్తకం చివర “రాని బాకీలు” అని రెండు పేజీలు ఉంచి, అక్కడికి మార్చేయండి. ఏడాదిగా జమ లేనిది, సంతకం పెట్టనన్నది, ఊరు వదిలి పోయినది, అన్నీ అక్కడికే. రావాల్సిన మొత్తంలో వీటిని కలుపుతూ పోతే, ఊళ్లో మనకు లక్ష ఉందనుకుని సరుకు వేయించుకుంటాం. నిజంగా వచ్చేది అరవై వేలే అవుతుంది. మార్చేటప్పుడు ఒక్కో పేరు పక్కన ఎందుకు రాలేదో ఒక్క ముక్కలో రాయండి: హద్దు దాటి ఇచ్చాం, వేరేవాళ్ల పూచీ మీద ఇచ్చాం, పంట పోయింది అని. కొత్త ఖాతా అడిగేవాళ్లు వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఆ రెండు పేజీలనే. పంట పోయినవాళ్ల పేర్లకు మాత్రం గుర్తు పెట్టుకోండి. వాన పడి పంట చేతికి వచ్చిన ఏడు వాళ్లే వచ్చి పాత లెక్క అడుగుతారు, అప్పుడు ఆ పేజీ మన దగ్గర ఉండాలి.